నిన్న ఇంకా పూర్తి కాలేదు

"ఐ హ్యావ్ సెంట్ ద ఫైల్ యెస్టర్డే" అనే వాక్యం మీద ఇంగ్లిషు వ్యాకరణం చాలాకాలంగా కత్తి కట్టి ఉంది. దాని అభియోగం ఇది: 'హ్యావ్ సెంట్' అన్న క్రియ జరిగిన పనిని ఇప్పటి క్షణానికి ముడివేస్తుంది, 'యెస్టర్డే' అన్న మాట ఆ ముడిని విప్పేస్తుంది, కనుక ఈ రెండూ ఒకే వాక్యంలో కాపురం చేయలేవు. నిన్న, పోయిన వారం, సోమవారం నాడు, మూడు రోజుల క్రితం, 2019లో అంటూ గడిచిపోయిన కాలాన్ని పేరు పెట్టి పిలిచామా, 'హ్యావ్' మూటాముల్లె సర్దుకోవాలి. 'ఐ సెంట్' అని మాత్రమే రాయాలి.

ఈ సూత్రం వెనక ఒక అమాయకమైన నమ్మకం ఉంది. నిన్న అనేది నిన్నటితోనే అయిపోతుందని. ఈ నమ్మకం ఏర్పరచుకున్న మహానుభావులు మన ఆఫీసుల్లో ఒక్క వారమైనా పని చేసి ఉండరు. మనం నిన్న పంపిన ఫైలును ఇవాళ ఎవరూ తెరవరు. రేపు "ఏ ఫైలు?" అంటారు. ఎల్లుండి మళ్లీ పంపమంటారు. పోయిన శుక్రవారం ముగిసిన గడువు సోమవారానికి, అక్కడినుంచి బుధవారానికి పాకుతుంది. ఇంత సజీవంగా ఉన్న నిన్నను పట్టుకుని అది ముగిసిపోయిందని క్రియాపదం సాక్షిగా ప్రకటించడం నాకైతే అబద్ధం ఆడినట్టే అనిపిస్తుంది.

మా ఆఫీసులో జరిగిన సంగతి చెబుతాను. మాది హైదరాబాదు, క్లయింటు ఉండేది డల్లాస్‌లో. నివేదికకు శుక్రవారం గడువు. ఆశ్చర్యమే గాని, శుక్రవారమే పంపాం. మంగళవారం దాకా అటునుంచి ఉలుకూ పలుకూ లేకపోవడంతో మా మేనేజరుగారు గుర్తుచేస్తూ ఒక ఈమెయిలు సిద్ధం చేశారు. "వీ హ్యావ్ కంప్లీటెడ్ ద టెస్టింగ్ లాస్ట్ వీక్. వీ హ్యావ్ సెంట్ ద రిపోర్ట్ ఆన్ ఫ్రైడే." పంపేముందు ఒకసారి చూడమని కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయి నిజంగానే చూసింది. గొడవ అక్కడ మొదలైంది.

రెండు 'హ్యావ్'లనూ కొట్టేసి, "వీ కంప్లీటెడ్ ద టెస్టింగ్ లాస్ట్ వీక్. వీ సెంట్ ద రిపోర్ట్ ఆన్ ఫ్రైడే" అని దిద్దింది. ఎందుకని అడిగితే ఆమె చెప్పిన తీరు నాకు నచ్చింది, ఒప్పుకోక తప్పదు. ఇంగ్లిషులో ముందు కబురు, తర్వాత వివరం అట. "పరీక్షలు అయ్యాయా?" అన్నదానికి జవాబు కబురు. ఇప్పుడు చేతిలో ఏముందన్నదే అక్కడ ముఖ్యం కనుక 'వీ హ్యావ్ కంప్లీటెడ్ ద టెస్టింగ్' అని 'హ్యావ్' పెట్టి, అంతటితో చుక్క పెట్టవచ్చు. ఆ తర్వాత ఎప్పుడు, ఎవరు, ఎలా అనే వివరాల్లోకి దిగగానే కథ గతంలోకి వెళ్లిపోతుంది, 'హ్యావ్' గడప దగ్గరే ఆగిపోతుంది. 'ఈ వారం' అంటే ఆ వారం ఇంకా నడుస్తోంది కనుక 'హ్యావ్' ఉండవచ్చు. 'పోయిన వారం' అంటే కుదరదు.

మేనేజరుగారు చాలాసేపు తెర వైపు చూశారు. "వీ సెంట్ అంటే ఏమిటమ్మా, మొహాన విసిరేసినట్టుంది" అన్నారు.

"తప్పు లేదు కదా సార్?"

"తప్పు లేదు. మర్యాద కూడా లేదు."

ఇక్కడ నేను మేనేజరుగారి పక్షాన నిలబడతాను. తెలుగులో ఈ తేడానే లేదు. 'నిన్న పంపాను', 'ఇప్పుడే పంపాను', రెండింటికీ ఒకటే 'పంపాను'. అలాంటప్పుడు మనకు ఏ కష్టమూ లేని 'ఐ సెంట్' వదిలేసి 'హ్యావ్' ఎక్కడినుంచి తెచ్చుకున్నాం? నా అనుమానమంతా పాత కచేరీ ఉత్తరాల మీద. "12వ తేదీన తమకు లేఖ పంపియున్నాము" అని రాసిన జాతి మనది. తేదీ పక్కనే 'యున్నాము' దర్జాగా కూర్చునేది, ఎవరూ లేవమనలేదు. ఆ 'యున్నాము' కాలం చెప్పడానికి వచ్చింది కాదు, వినయం చెప్పడానికి వచ్చింది. క్రియ మీద కప్పిన ఉత్తరీయం అది. బడిలో మాస్టారు 'హ్యావ్ సెంట్' అంటే 'పంపియున్నాను' అని చెప్పిన రోజున ఆ ఉత్తరీయమే ఇంగ్లిషులోకి వలస వెళ్లింది. ఇప్పుడు తెలుగులో 'యున్నాము' పోయి "నిన్న పంపడం జరిగింది" వచ్చింది. పంపినవాడు ఎవడో కూడా తెలియకుండా పోయింది, అది వేరే ప్రగతి.

పైగా మనం ఒంటరివాళ్లం కాము. ఫ్రెంచివారు మామూలు మాటల్లో 'నేను నిన్న పంపాను' అనడానికి నిక్షేపంగా తమ 'హ్యావ్' వాడతారు. జర్మన్లూ అంతే. ఇంగ్లండుకు ఇరుగుపొరుగైన వీళ్లిద్దరూ నిన్నతో కాపురం చేస్తుంటే, ఆ ఇంటికి మాత్రం అది పనికిరాలేదు. అమెరికావాళ్ల సంగతి ఇంకా విచిత్రం. బ్రిటిషువారు 'హ్యావ్ ఆల్రెడీ సెంట్' అనేచోట వాళ్లు చాలాసార్లు 'ఆల్రెడీ సెంట్' అని ఊరుకుంటారు. ఉండవలసిన 'హ్యావ్' కూడా వదిలేసుకునేవారికి, ఉండకూడని చోట మనం పెట్టిన 'హ్యావ్' ఎంత బరువుగా తగులుతుందో ఊహించుకోవచ్చు. అర్థం కాకపోవడం ఉండదు. చదువుతూ చదువుతూ మెట్టు తప్పినట్టు ఒక క్షణం ఆగుతారు, అంతే.

మేనేజరుగారు వెంటనే లొంగలేదు. గడియారాన్ని సాక్ష్యానికి పిలిచారు. అది జూన్ నెల. మన ఉదయం 10 గంటలకు డల్లాస్‌లో ముందురోజు రాత్రి 11:30. "మన నిన్న అక్కడ ఇంకా ఇవాళే నడుస్తోంది. ముగియని రోజుకు హ్యావ్ పెట్టవచ్చని నువ్వే కదా అన్నావు?" అన్నారు. వాదన అంటే అదీ. ఆ అమ్మాయి కూడా తగ్గలేదు. అలాంటి చిక్కు ఉన్నప్పుడు 'నిన్న' మానేసి తేదీ వేయమంది, తేదీ వేస్తే 'హ్యావ్' ఎలాగూ పోతుందంది.

చివరికి ఆయన రాజీకి వచ్చారు. 'హ్యావ్' తీసేసి 'హ్యాడ్' పెట్టారు. "వీ హ్యాడ్ సెంట్ ద రిపోర్ట్ ఆన్ ఫ్రైడే." మన ఊళ్లో ఇదొక శాఖ. గతం ఎంత పాతదైతే 'హ్యాడ్' అంత గౌరవం అనుకునేవారు. ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది: 'హ్యాడ్' రావాలంటే గతంలోనే ఇంకో సంఘటన ఉండాలి, దానికంటే ఇది ముందు జరిగి ఉండాలి. 'మీరు ఫోను చేసేటప్పటికే మేము పంపేశాం' అన్నచోట అది ఒప్పుతుంది. ఇక్కడ వాళ్లు ఫోనూ చేయలేదు, ఏమీ చేయలేదు. ఒంటరి శుక్రవారానికి 'హ్యాడ్' పెడితే చదివేవాడు "అయితే ఆ తర్వాత ఏమైంది?" అని ఎదురుచూస్తాడు.

"ఏమీ కాలేదు కదా, అదే నా బాధ" అన్నారు ఆయన. కానీ మెత్తబడ్డారు. ఆమె దిద్దినట్టే, 'హ్యావ్' లేకుండా 'హ్యాడ్' లేకుండా, నిండు సభలో ఉత్తరీయం తీసేసినవాడి మొహంతో ఈమెయిలు పంపించారు.

రాత్రికి జవాబు వచ్చింది. క్లయింటుకు నివేదిక కనబడలేదట. ఒకే ఒక్క ప్రశ్న: "వెన్ డిడ్ యూ సెండ్ ఇట్?" 'వెన్' రాగానే 'హ్యావ్' కాకుండా 'డిడ్' వచ్చింది చూశారా అని ఆ అమ్మాయి నాకు వేలుపెట్టి చూపిస్తూనే ఉంది. ఈలోగా మేనేజరుగారు ఎవరికీ చూపించకుండా, పళ్లు బిగించి జవాబు కొట్టేశారు:

"వీ హ్యావ్ సెంట్ ఇట్ ఆన్ ఫ్రైడే ఓన్లీ."