అమెరికాలో పార్ట్‌టైమ్ చేసే మన పిల్లల ట్యాక్స్ గురించి ఒక మాట

మా అక్క కొడుకు 2023 ఆగస్టులో తిరుపతి నుంచి అమెరికాకు ఎంఎస్ చదవడానికి పోయినాడు. 2024లో క్యాంపస్ క్యాంటీన్‌లో గంటకు 14 డాలర్లకు, వారానికి 20 గంటల చొప్పున 40 వారాలు పనిచేసినాడు. మొత్తం 11,200 డాలర్లు. వీడియో కాల్‌లో పే స్లిప్ చూపించి "మామా, ఇదేంది?" అన్నాడు. 280 డాలర్ల వారం జీతంలో పెన్షన్ కోసమని సోషల్ సెక్యూరిటీకి 17.36, ముసలితనంలో వైద్యానికని మెడికేర్‌కు 4.06 కోసేసినారు. నలభై వారాలకు 856.80 డాలర్లు, అంటే మన లెక్కలో దాదాపు డెబ్బై వేలు.

అది కోయకూడని డబ్బు. ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థిని మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్‌గానే చూస్తారు. అన్నాళ్లూ, చదువు కోసం అనుమతి ఉన్న పనికి ఈ రెండు కోతలూ ఉండవు. వాడిని జీతాల ఆఫీసులో అడగమన్నాను. వాళ్లు తిరిగివ్వకుంటే Form 843, Form 8316 పెట్టి ప్రభుత్వం దగ్గరే అడగొచ్చు.

ఇన్‌కమ్ ట్యాక్స్ సంగతి వేరే. వాడి చైనా రూమ్మేట్ "అమెరికాతో మా దేశం పన్ను ఒప్పందంలో 5,000 డాలర్ల జీతానికి పన్ను లేదు" అన్నాడట. మన ఒప్పందంలో ఆ లైను లేదు, అంతకంటే మంచిది ఉంది. మామూలుగా నాన్ రెసిడెంట్‌కు స్టాండర్డ్ డిడక్షన్ ఇవ్వరు. భారత్-అమెరికా ఒప్పందం 21వ ఆర్టికల్ మన విద్యార్థులకు ఇస్తుంది. 2024కు ఒంటరి మనిషికి అది 14,600 డాలర్లు. మావాడి 11,200 అందులోనే మునిగిపోయింది, ఫెడరల్ పన్ను సున్నా. ఒప్పందం లేకుంటే పది శాతం లెక్కన 1,120 కట్టాల్సి వచ్చేది. స్టేట్ ట్యాక్స్ మాత్రం రాష్ట్రాన్ని బట్టి విడిగా చూసుకోవాలి.

నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే. "అందరూ ఇదే చేస్తారురా" అని సీనియర్లు ఉచిత యాప్‌లో 1040 ఫైల్ చేయిస్తున్నారు. అది రెసిడెంట్ల ఫారం. మన పిల్లలకు డిడక్షన్ రెసిడెంట్ల ఫారంలోనూ, నాన్ రెసిడెంట్ల ఫారంలోనూ ఒకటే కాబట్టి పన్ను అంకె సరిగ్గానే కనబడుతుంది, తప్పు బయటపడదు. కానీ కాగితం మీద వాడు రెసిడెంట్‌నని సంతకం పెట్టినట్టే. పైగా నాన్ రెసిడెంట్‌కు రాని ఎడ్యుకేషన్ క్రెడిట్‌ను కూడా యాప్ అడిగి మరీ కలిపేస్తుంది. మనవాళ్లు పెట్టాల్సింది నాన్ రెసిడెంట్ల ఫారం 1040-NR, దాంతోపాటు విద్యార్థిగా ఉన్న రోజులు రెసిడెంట్ లెక్కలోకి రావని చూపే Form 8843. సంపాదన ఒక్క డాలరు లేకపోయినా 8843 పెట్టాల్సిందే. ఇప్పటికే తప్పు ఫారం పంపినవాళ్లు 1040-X తో సరిదిద్దుకోండి.

ఐదేళ్ల లెక్కలోనూ ఒక తిరకాసుంది. డిసెంబరు 31న దిగినా ఆ ఏడాది ఒక సంవత్సరం కిందే పోతుంది. మావాడికి 2023 నుంచి 2027 వరకే. ఆ తర్వాత కూడా అక్కడే ఉంటే, 2028లో అమెరికాలో ఉన్న రోజులు 183కు చేరగానే రెసిడెంట్ అవుతాడు. అప్పుడు చిత్తూరు బ్యాంకులో వాళ్ల నాన్న వాడి పేరున వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీని కూడా అమెరికాకు చూపాలి.