ఉత్తరం మొగం ఇంటికి దక్షిణం ఎండ

జమ్మలమడుగు పక్క నల్లరేగడి పల్లె. మార్గశిరం నడుమ. ఓబులేసు శనగచేను చూసుకుని వచ్చి కాళ్లు కడుక్కుంటుండగా ఫోన్లో ఒక బొమ్మ పడింది. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు పంపాడు. కింద రెండే ముక్కలు: "మనిల్లు నాయనా."

రెండంతస్తుల మిద్దె. తెల్లటి గోడలు, తలవాకిలి పక్కన చెక్క పలకలు, ముందరా పక్కనా పరుపు పరిచినట్టు పచ్చగడ్డి. గడ్డి అంచున తెల్ల కారు. గేటు దగ్గర మొక్కజొన్న పీచు రంగు జుట్టున్న ఒక తెల్లామె కుక్కను పట్టుకుని నడిచిపోతోంది.

కొడుకు కడప పొలిమేరలో మూడు సెంట్లు కొన్నది నిజమే. నిరుడు రిజిస్ట్రేషన్‌కు ఓబులేసే దగ్గరుండి సాక్షి సంతకం పెట్టి వచ్చాడు. కానీ అప్పుడు అక్కడ కంపచెట్లు తప్ప ఇంకేం లేవు.

"గృహప్రవేశానికి గూడ పిల్చలే," అని లక్షుమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కాసేపాగి ఫోన్ దగ్గరికి లాక్కుని, "ఆయమ్మెవరు? పెండ్లి గూడ చేసుకున్యాడా?" అంది.

కొడుక్కి ఫోన్ కలిసింది. "నాయనా, అది ఫోటో కాదు. రెండర్. కంప్యూటర్లో గీయించినా. ఇంకా పునాది గూడ తీయలే."

"మరి ఆ ఎండ? ఆ నీడ?"

కొడుకు ఓపిగ్గానే చెప్పాడు. ముందు ప్లాన్‌లోని కొలతల ప్రకారం కంప్యూటర్లో గోడలు లేపుతారు. తర్వాత ఒక్కో గోడకూ సున్నమో, చెక్కో, రాయో తొడుగుతారు. పైన ఒక సూర్యుణ్ణి పెడతారు. ఆ వెలుతురు ఎక్కడ పడి, ఎక్కడ తగిలి ఎటు చెదురుతుందో లెక్క గట్టడం కంప్యూటర్ పని. అందుకే అంత నిజంగా కనబడుతుంది. చెట్లు, కార్లు, మనుషులు మాత్రం ఎవరో ముందే చేసి అమ్మే సరుకు. ఈ సరుకు ఎక్కువగా పైదేశాలదే కాబట్టి మనుషులూ ఆ దేశపోళ్లే వస్తారు. ఆ తెల్లామె ఇట్లా ఎందరి ఇళ్ల ముందర నడిచిందో, కుక్క కూడా అదే కుక్క.

లక్షుమ్మ ఊపిరి పీల్చుకుంది. అంతటితో సరిపోయేదే, మేనల్లుడు ఆ బొమ్మను "మా మామోళ్ల ఇల్లు" అని స్టేటస్ పెట్టకపోయుంటే.

మరుసటి రోజు మధ్యాహ్నానికి ఎరువులంగడాయన బండి వాకిట్లో ఆగింది. శనగ ఇత్తనాలకూ డీఏపీకీ కలిపి బాకీ 38,000. "ఓబులేసన్నా, కడపలో మాంచి మిద్దె లేపినావంట. మా లెక్క గూడ చూడప్పా."

"అది కట్టింది కాదు, గీసింది."

"గీస్తే ఇట్లుంటాదా?" అని ఆయన ఫోన్ చూపించాడు. పక్కన చేరిన నలుగురూ గీత కాదనే తేల్చారు.

ఓబులేసు లోపలికి పోయి పెట్టెలోంచి దస్తావేజు జిరాక్స్ తెచ్చాడు. చెక్కుబంది చదవమన్నాడు. ఉత్తరం: 30 అడుగుల రోడ్డు. అంటే ఇంటి మొగం ఉత్తరానికి. తర్వాత ముల్లుగర్ర తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. నాలుగడుగుల కర్రకు నీడ మూడడుగుల మీద రవ్వంత, ఉత్తరానికి పడింది.

"ఈ కాలంలో పొద్దు దక్షిణానికి వాలి పోతాది. పొద్దున మొదలు సందేళ దాకా ఉత్తరపు గోడకు ఎండనేదే తగల్దు. మా గోడకు కొట్టిన పిడకలు చూడు, వారమైనా పచ్చివే. ఈ బొమ్మలో ముందరి గోడ తళతళా మెరుస్తాంది. యాడిదీ ఎండ?"

అంగడాయన తెలివైనవాడు. "ఎండాకాలంలో తీసిందేమో."

మాట న్యాయమైనదే. కడప సీమలో ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నపు పొద్దు నడినెత్తిని దాటి కొంచెం ఉత్తరానికి జరుగుతుంది. ఓబులేసు బొమ్మను వేళ్లతో సాగదీసి కిటికీ మీది సన్‌షేడ్ చూపించాడు. నీడ పక్కకు వాలకుండా నిట్టనిలువుగా దిగింది, అంటే అది మిట్టమధ్యాహ్నం. మే, జూన్లలో ఆ వేళకు పొద్దు దాదాపు నెత్తి మీదే ఉంటుంది కాబట్టి రెండడుగుల సన్‌షేడ్ నీడే కింది గోడనంతా మింగేస్తుంది. ఇక్కడ నీడ రెండున్నర అడుగులకే ఆగిపోయింది. అది ఇప్పటి పొద్దు నీడే, కాకపోతే దక్షిణపు గోడ మీద పడాల్సింది.

"ఇంగ ఈ గడ్డి చూడు. మూడు సెంట్లంటే 30 అడుగుల వెడల్పు, నలభై మూడున్నర లోతు. ఇల్లే 24 అడుగులుండాది. ఆపక్క మూడు, ఈపక్క మూడు మిగుల్తాది. ఇందులో పక్కన కారు అడ్డంగా పెట్టినారు. పదమూడడుగుల కారు మూడడుగుల సందులో పడతాదా? ఆ గడ్డి మొలిచింది పక్కోళ్ల సైటులో."

అంగడాయనకు గడ్డి నచ్చింది గానీ ఎండ సంగతి మింగుడు పడలేదు. "ఎవరికన్నా చూపించి వస్తా," అని బండి తీశాడు.

రాత్రి ఓబులేసు కొడుకును గట్టిగానే అడిగాడు. కొడుకు కడపలో బొమ్మ గీసిన పిల్లోణ్ణి అడిగాడు. తప్పు చిన్నదే, ఈ పనిలో తరచూ జరిగేదే. ప్లాన్ గీసేటప్పుడు రోడ్డు కాగితం అడుగుకు వచ్చేట్టు గీయడం అలవాటు. ఉత్తరం ఎటో మనం చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ కాగితం పైవైపునే ఉత్తరమనుకుంటుంది. అట్లా ఉత్తరం మొగం ఇల్లు కాస్తా దక్షిణం మొగమైపోయింది. తేదీ ఏమో ఆ రోజుదే తీసుకుంది. సరిచేయాలంటే ఉత్తరాన్ని 180 డిగ్రీలు తిప్పితే చాలు.

"అట్లనే పక్కిండ్లు గూడ పెట్టమను," అన్నాడు ఓబులేసు. "కరెంటు స్తంభం, మిద్దెమీద నీళ్ల ట్యాంకు. తలవాకిలికి గడప లేదు, గడప పెట్టమను. ఆయమ్మను తీసేయమను."

రెండో బొమ్మ మూడు రోజులకు వచ్చింది. ముందరి గోడ నీడలో బూడిద రంగుకు తిరిగింది. తూర్పున పక్కింటివాళ్ల సున్నం లేని ఇటుక గోడ, పడమర కంపచెట్లు, మధ్యలో వంగిన స్తంభం, పైన నల్ల ట్యాంకు. గడ్డి లేదు, కారు రోడ్డు మీద ఉంది. కొడుక్కి ఉత్సాహం చచ్చిపోయింది. "ఇట్లుంటాదా నాయనా మనిల్లు?" అన్నాడు. చలికాలమంతా ముందరి గదికి ఎండ రాదని ఇప్పుడు తెలిసింది, తూర్పు గోడకు ఒక కిటికీ పెంచుదామని కూడా అప్పుడే అనుకున్నారు. ఓబులేసుకు మాత్రం బొమ్మ బాగా నచ్చింది.

ఆ నచ్చడంతోనే పొరపాటు చేశాడు. ఎరువులంగడికి పోయి, పాత బొమ్మ అబద్ధమని చూపించడానికి కొత్త బొమ్మ తీసి బల్ల మీద పెట్టాడు.

అంగడాయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. ఇటుక గోడ చూశాడు, స్తంభం చూశాడు, ట్యాంకు చూశాడు, నీడ ఎటుందో కూడా చూశాడు.

"ఆ పొద్దు నువ్వు చెప్పింది నిజమేన్నా, అది గీసిందే," అన్నాడు. "ఇది మాత్రం ఫోటో." ఖాతా పుస్తకం తీసి ఓబులేసు పేజీ దగ్గర వేలు పెట్టాడు.