పండగ బట్టలు, ముప్పై రోజులు, ఒక వాట్సాప్ చట్టం

"అందరికీ తెలియజేయండి!! కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం పండక్కి కొన్న ఏ వస్తువైనా 30 రోజుల్లోపు షాపులో వాపసిచ్చి మొత్తం డబ్బు తీసుకోవచ్చు. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని రాసినా చెల్లదు. గిఫ్ట్ ఇచ్చేటప్పుడు ధర తెలియకుండా అసలు బిల్లు చింపేసి గిఫ్ట్ రసీదు ఒక్కటే పెట్టండి, అదే చాలు. గిఫ్ట్ అందుకున్నవాళ్లకి హక్కు ఉండదు, కొన్నవాళ్లే వెళ్లాలి. షాపువాడు కాదంటే 1915కి ఫోన్ చేయండి, అక్కడికక్కడే డబ్బు ఇప్పిస్తారు. పది గ్రూపులకు పంపండి."

ఈ వారంలో ఇది నాకు రావడం ఐదోసారి. మొదట అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, తర్వాత పదో తరగతి బ్యాచ్ గ్రూపులో. ఐదోసారి పంపింది మా బావగారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి పదింటిదాకా కూర్చుని లెక్కలు తిరగేసిన మనిషి. ఆయనే ఒక్క ముక్క సరిచూసుకోకుండా పంపారంటే ఇక మిగతావాళ్లని అనడానికేముంది?

ముప్పై అనే అంకె గాల్లోంచి ఊడిపడలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో, సెక్షన్ 2(47)లో ఉంది. అనుచిత వ్యాపార పద్ధతులు ఏవేవో చెబుతూ, లోపం ఉన్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం కూడా అందులో ఒకటని చెప్పారు. దానికి గడువు బిల్లు మీద రాసి ఉంటే అది, ఏమీ రాయకపోతే 30 రోజులు. మెసేజ్ తయారుచేసిన మహానుభావుడు ఇందులోంచి "లోపం ఉన్న" అన్న రెండు మాటలు తీసేశాడు. బిల్లు మీద రాసిన గడువు సంగతీ తీసేశాడు. మిగిలిన ముప్పైకి పండగ రంగు పూశాడు.

చీర మొదటి ఉతుకులోనే రంగు దిగితే అది లోపం. ఆ రంగు అత్తగారికి నచ్చకపోతే లోపం కాదు. చొక్కా కుట్టు విడిపోతే లోపం, అల్లుడికి పొట్ట దగ్గర బిగుతైతే కాదు. రెండోరకం మార్పిడికి ఆధారం షాపు బిల్లు వెనకాల చిన్న అక్షరాల్లో రాసుకున్న మాటే. గిఫ్టులతో గొడవంతా అక్కడే, ఎందుకంటే ఆ మాటలు కొన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసినవి, అందుకున్నవాళ్లని కాదు.

మా వదినకి 2025 దసరాకి ఏం జరిగిందో చూడండి. కొత్త అల్లుడు మొదటిసారి పండక్కి వస్తున్నాడని సెప్టెంబర్ 20, శనివారం నాడు చొక్కాలు కొంది. బిల్లు వెనక "మార్పిడి బిల్లు తేదీ నుంచి 15 రోజుల్లోపు. ఆదివారాలు, పండగ రోజుల్లో మార్పిడి లేదు" అని ఉంది. పదిహేను రోజులు చాలా ఎక్కువే అనుకుంది. బట్టలు పెట్టింది దసరా రోజున, అంటే అక్టోబర్ 2, గురువారం. అప్పటికే పన్నెండు రోజులు అయిపోయాయి. పిల్లాడు మొహమాటపడి శనివారం రాత్రి గానీ బిగుతుగా ఉందని చెప్పలేదు. పదిహేనో రోజు ఆదివారం. సోమవారం వెళ్తే గడువు దాటిందన్నారు. కాగితం మీద పదిహేను రోజులే, కానీ చొక్కా అల్లుడి చేతిలో పడ్డాక నిజంగా మిగిలినవి శుక్ర, శనివారాలు రెండే. వాళ్లు మోసం చేశారని అనలేను, రాసిందే చేశారు.

కాబట్టి చూడాల్సింది రోజుల సంఖ్య కాదు, ఆ రోజులు ఎప్పటినుంచి లెక్కో చూడాలి. బిల్లు తేదీ నుంచా, డెలివరీ తేదీ నుంచా? చివరి రోజు సెలవైతే మర్నాడు ఒప్పుకుంటారా? ఇది కౌంటర్ దగ్గరే అడగాలి. "ఇది పండక్కి పెట్టేది, అక్టోబర్ 10 దాకా మారుస్తామని రాయండి" అంటే చాలా బట్టల షాపుల్లో మేనేజరు పెన్నుతో రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేసిస్తాడు. అమ్మకం జరిగేటప్పుడు ఎవరూ కాదనరు, మార్చుకోవడానికి వెళ్లినప్పుడే ముఖాలు మారతాయి. నోటిమాటగా "పర్లేదమ్మా, తీసుకురండి" అన్న కుర్రాడు పండగయ్యాక ఆ కౌంటర్లోనే ఉండడు. అన్నట్టు చీరకి ఫాల్ కుట్టించి, జాకెట్ ముక్క కత్తిరించి పెడితే ఈ గడువులన్నీ వృథా. కుట్టించి ఇవ్వడం ముచ్చటే, కానీ ఆ చీర ఇక మారదు.

ఇక నాకు నిజంగా ఒళ్లు మండించింది బిల్లు చింపేయమన్న సలహా. ఎవరికొచ్చిందండీ ఈ ఆలోచన?

గిఫ్ట్ రసీదు అంటే ఏమిటో ముందు చూద్దాం. మన దగ్గర ఇది ఎక్కువగా మాల్స్‌లోని పెద్ద బ్రాండ్ల షాపుల్లోనే, అదీ అడిగితేనే ఇస్తారు. దాని మీద బిల్లు నంబరో బార్‌కోడో, తేదీ, వస్తువు పేరు ఉంటాయి, ధర ఉండదు. అందుకున్నవాళ్లు దాన్ని పట్టుకెళ్లి సైజో రంగో మార్చుకోవచ్చు, లేదా క్రెడిట్ నోట్ తీసుకోవచ్చు. దాని పని అంతవరకే. నగదు ఇవ్వరు. డబ్బు వెనక్కిచ్చే షాపుల్లో కూడా అది కార్డు మీద, యూపీఐ మీద కట్టినవాళ్ల ఖాతాకే వెళ్తుంది. అంటే వస్తువు తిరిగిచ్చిన సంగతి ఇచ్చినవాళ్లకి మెసేజ్ రూపంలో తెలిసిపోతుందన్నమాట. ఆఫర్లో కొన్నవాటికి ఇంకో తిరకాసు ఉంది. ఒక్కోటి రెండు వేల రూపాయల చొక్కాలు రెండు కొంటే ఒకటి ఉచితం అన్నప్పుడు, చాలా బిల్లుల్లో ఆ నాలుగు వేలని మూడు చొక్కాలకీ పంచేస్తారు. ఒకటి వెనక్కిస్తే దక్కేది 1,333 రూపాయలు. ట్యాగ్ మీద రెండు వేలుందని కౌంటర్లో పోట్లాడి లాభం లేదు.

వారంటీకి ఈ రసీదుని నమ్ముకోవద్దు. దీపావళికి మా పిన్నికి మిక్సీ ఇచ్చాను. ధర కనబడకూడదని నేను కూడా, అవును నేనే, బిల్లు చింపేశాను. ఎనిమిదో నెలలో మోటారు కాలింది. సర్వీస్ సెంటర్లో అడిగిన మొదటి ప్రశ్న "బిల్లేదమ్మా?" అని. బిల్లు లేకపోతే సీరియల్ నంబరు చూసి, తయారైన తేదీ నుంచి వారంటీ లెక్కేస్తామన్నారు. ఆ మిక్సీ నేను కొనకముందే గోడౌన్లో ఐదారు నెలలు కూర్చుంది. పిన్ని పాపం "పోనీలేరా, ఎంతవుతుందో నేనే ఇస్తాలే" అంది. పండక్కి బహుమతి ఇచ్చి, దాని రిపేరు ఖర్చు ఆవిడ నెత్తినే పెట్టినట్టయింది. బిల్లున్నా వారంటీ కొన్న తేదీ నుంచే నడుస్తుంది, ఇచ్చిన రోజు నుంచి కాదు. శ్రావణంలో ఆఫరుందని కొని దీపావళికిస్తే, అందుకునేసరికే రెండు మూడు నెలలు తరిగిపోతాయి.

చింపకుండా దాచినా ఇంకో చిక్కుంది. నున్నటి థర్మల్ కాగితం మీద కొట్టిన బిల్లు బీరువాలో ఉండగానే కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. కొన్నరోజే ఫోన్లో ఫొటో తీసుకోండి. వస్తువుతోపాటు ఇవ్వాలనుకుంటే ధర ఉన్నచోట కాగితం ముక్క అడ్డంపెట్టి జిరాక్స్ తీయించండి. తేదీ, మోడల్, సీరియల్ నంబరు కనిపించాలి. అసలుది మీ దగ్గరే ఉంచుకుని, అవసరమైతే పంపుతానని చెప్పండి. ఇప్పటికే చింపేసి ఉంటే, కొన్నప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరూ తేదీ చెప్పి డూప్లికేట్ బిల్లు అడగండి. కంప్యూటర్ బిల్లింగ్ ఉన్న షాపుల్లో చాలావరకు దొరుకుతుంది.

బంగారం, వెండి సంగతి కూడా ఇంతే. ఉంగరం మార్చుకోవాలంటే బిల్లు కావాలి, ఉన్నా మజూరీ, తరుగు, జీఎస్టీ సాధారణంగా తిరిగి రావు. "మొత్తం డబ్బు" అని పంపినాయన ఎప్పుడైనా నగల షాపు మెట్లెక్కాడా?

అందుకున్నవాళ్లకి హక్కు లేదన్నది శుద్ధ తప్పు. కొన్నవారి సమ్మతితో వాడుకునేవారు కూడా వినియోగదారులేనని అదే చట్టం, సెక్షన్ 2(7)లో రాసుంది. వస్తువులో లోపముంటే పిన్నే ఫిర్యాదు చేయొచ్చు. కొన్నట్టు రుజువు మాత్రం చూపించాలి, అది ఎవరు చింపారో పైన చెప్పాను.

1915 నంబరు నిజమే, తెలుగులోనూ మాట్లాడొచ్చు. కానీ అది వివరాలు రాసుకుని కంపెనీకి పంపి, మాట్లాడి సర్దుబాటు చేయించే హెల్ప్‌లైన్. ఆదేశాలిచ్చే అధికారం దానికి లేదు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. రెండేళ్లలోపు కేసు వేయాలి, వస్తువుకి కట్టిన డబ్బు ఐదు లక్షల దాకా ఉంటే ఫీజు లేదు, మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. "అక్కడికక్కడే" అనేది మాత్రం ఎక్కడా లేదు.

ఒక్క మాట ఒప్పుకుంటాను. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" గురించి మెసేజ్ రాసినాయన సగం కరెక్టు. వస్తువులో లోపం ఉన్నప్పుడు ఆ స్టాంపు షాపువాణ్ణి కాపాడదు. ఇంకా చెప్పాలంటే ఆయన అసలు ప్రస్తావించని ఒక మంచి హక్కుంది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ఆన్‌లైన్లో చెప్పిన తేదీ దాటి వచ్చిన వస్తువును అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు. వాళ్ల చేతిలో లేని విపత్తు వల్ల ఆలస్యమైతే వేరు సంగతి. పండక్కి రావాల్సిన గిఫ్ట్ పండగ వెళ్లిన మూడోరోజు వస్తే ఇది పనికొస్తుంది. ఆర్డర్ చేసిన రోజే, "డెలివరీ ఫలానా తేదీకి" అని కనిపించిన తెరని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత ఆ తేదీ మారిపోవచ్చు. పది గ్రూపులకి పంపదగింది ఇదే, కానీ ఇందులో ఆశ్చర్యార్థకాలు లేవు కాబట్టి ఎవరూ పంపరు.

బావగారికి ఇదంతా ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విన్నారు. "నిజమేనోయ్, అయితే ఆ చొక్కా ఏమైంది?" అన్నారు. మా వాడికి సరిపోయింది, వేసుకుని తిరుగుతున్నాడు. అల్లుడికి వదిన ఇంకోటి కొంది. ఈసారి బిల్లు మీద తేదీ రాయించుకుంది.