శానిటైజర్ ఉండగా సబ్బెందుకు?

"ఆసుపత్రిలో ప్రతి మంచం దగ్గరా శానిటైజర్ ఉంది కదండీ, మళ్లీ సబ్బుతో కడగమంటారెందుకు?"

మా అత్తమ్మకి జరిగేదాకా నేనూ అలాగే అనుకున్నానండి. కాలి పుండుకని కావలిలో క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడారు. కోర్సు అయిపోయిన వారానికి నీళ్ల విరేచనాలు, రోజుకి పది పన్నెండు సార్లు, జ్వరం. మందుల షాపులో విరేచనాలు కట్టే బిళ్లలిస్తే వేశాం (అదే మా తప్పు), పొట్ట డప్పులా ఉబ్బింది. నెల్లూరులో డాక్టరు గారు మొదట అడిగింది, "ఈమధ్య యాంటీబయాటిక్ ఏమైనా వాడారా?" అనే. మల పరీక్షలో సి డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వదిలే విషం, అంటే టాక్సిన్, బయటపడింది. పేగులోని మంచి బ్యాక్టీరియా యాంటీబయాటిక్‌తో చచ్చిపోతే, ఆ ఖాళీలో ఈ సి డిఫిసిల్ పెరుగుతుందట. నోటి ద్వారా వాంకోమైసిన్ 10 రోజులు ఇచ్చారు. ఇంజెక్షన్‌గా నరానికిస్తే పేగులోకి సరిగా చేరదట.

ఇక మీ ప్రశ్న. మలంతో బయటికొచ్చిన ఈ క్రిమి గట్టి పెంకున్న స్పోరుగా మారి మంచం కమ్మీల మీద, బెడ్‌పాన్ మీద నెలల తరబడి ఉంటుంది. ఆల్కహాల్ ఆ పెంకుని ఏమీ చేయలేదు. నిజానికి సబ్బు కూడా దాన్ని చంపదు. కాకపోతే బాగా రుద్దితే స్పోర్లు చర్మం నుంచి ఊడి, కుళాయి ధారలో కొట్టుకుపోతాయి. అందుకే బకెట్లో చేతులు ముంచి తీస్తే లాభం లేదు. మా అత్తమ్మ వాడిన బాత్రూమ్‌ని కూడా ఫినాయిల్‌తో కాదు, బ్లీచింగ్ నీళ్లతో కడగమన్నారు.