ఇరవై నాలుగు నుంచి లెక్కపెట్టాలి

"క్రిస్మస్ నుంచి నాలుగు ఆదివారాలు వెనక్కి వెళ్తే, ఆ పండుగకు సిద్ధపడే ఆగమన కాలం మొదటి రోజు వచ్చేస్తుంది." చాలా ఏళ్లకు ఇది సరిపోతుంది గానీ, డిసెంబర్ 25 ఆదివారమే అయితే తప్పుతుంది. లెక్క 24 నుంచి మొదలవ్వాలి, ఎందుకంటే పండుగ రోజు ఆగమన ఆదివారం కాదు. 2022 చూడండి. 25ను కూడా కలుపుకుంటే 25, 18, 11, 4 అని డిసెంబర్ 4 దగ్గర ఆగుతాం. అసలు వరస 18, 11, 4, నవంబర్ 27. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో చర్చి కార్యక్రమ పత్రం ఆ తప్పు లెక్కతో అచ్చయితే ఊదా వస్త్రం వారం ఆలస్యంగా పరుస్తారు, మూడో ఆదివారం వెలిగించాల్సిన గులాబీ రంగు కొవ్వొత్తి కూడా వారం ఆలస్యమవుతుంది. క్రిస్మస్ సోమవారం వస్తే ఇంకో తికమక. 2023లో 24 ఆదివారం కాబట్టి అదే నాలుగోది, ఉదయం ఆగమన పూజ, సాయంత్రం నుంచి క్రిస్మస్. దాన్ని వదిలేసి 17 నుంచి లెక్కపెడితే నవంబర్ 26 వస్తుంది, అది ఆగమనానికి ముందు ఆదివారం వచ్చే క్రీస్తురాజు పండుగ. సరైన మొదలు డిసెంబర్ 3. మీకొచ్చిన తేదీ నవంబర్ 27 నుంచి డిసెంబర్ 3 వరకు ఉన్న రోజుల్లో లేకపోతే మళ్లీ లెక్కపెట్టండి.