గరుడకు ఒక్క పాయింటు ఎందుకు కోశాం

గరుడతో ఆడేవాళ్లందరికీ,

మా మొబైల్ షూటింగ్ ఆటకు ఈ వారం వచ్చిన ప్యాచ్‌లో గరుడ రైఫిల్ డ్యామేజీ 36 నుంచి 35కి దిగింది. గరుడను చంపేశారని కొందరు మండిపడుతున్నారు. ముప్ఫై ఆరులో ఒక పాయింటు పోతే ఏమవుతుంది, ఊరికే కంటితుడుపు మార్పని మరికొందరు తీసిపారేస్తున్నారు. ఇద్దరి లెక్కా తప్పే. ఈ ఒక్క పాయింటు చాలా పెద్ద కోతే. కాకపోతే అది గరుడ వాడే ఒకే ఒక్క పద్ధతి మీద పడింది. ఆ పద్ధతి మీద పడాల్సిందేనని నా గట్టి నమ్మకం. ఎందుకో లెక్కతో సహా మీ ముందు పెడతాను.

ఆటగాడి ప్రాణం 100. మధ్యరకం వెస్ట్ వేసుకుంటే ఛాతీకి తగిలే డ్యామేజీలో 30 శాతం ఆగిపోతుంది. పాత గరుడ బుల్లెట్ 36లో 25.2 లోపలికి దిగేది. నాలుగు దిగితే 100.8, మనిషి అవుట్. ఇప్పుడు 35లో 24.5 దిగుతుంది. నాలుగు కలిపితే 98, ఇంకా రెండు పాయింట్ల ప్రాణం మిగిలే ఉంటుంది కాబట్టి అయిదో బుల్లెట్ కావాలి. గరుడ నిమిషానికి 750 బుల్లెట్లు పేలుస్తుంది, అంటే బుల్లెట్‌కీ బుల్లెట్‌కీ మధ్య 0.08 సెకన్లు. మొదటి బుల్లెట్ ట్రిగ్గర్ నొక్కగానే వెళ్తుంది గనక నాలుగింటికి మూడు విరామాలు, 0.24 సెకన్లు. అయిదింటికి నాలుగు విరామాలు, 0.32 సెకన్లు. డ్యామేజీలో మూడు శాతం కూడా లేని కోత, చంపే సమయాన్ని మూడో వంతు పెంచింది.

తుపాకుల లెక్కల్లో అసలు కిటుకు ఇదే. డ్యామేజీ అంకె మారినంత మాత్రాన ఏమీ కాదు, ఎన్ని బుల్లెట్లు పడతాయన్న అంకె మారాలి. గరుడ 40లో ఉంటే 39కి దింపినా, 37కి దింపినా మీకు తేడా తెలిసేది కాదు, నాలుగు బుల్లెట్లు నాలుగే. 36 దగ్గర అది అంచు మీద నిలబడి ఉంది. వెస్ట్ లేనివాడికి పాత 36తో మూడు బుల్లెట్లు, 35తోనూ మూడే. దూరం పెరిగి డ్యామేజీ పడిపోయే చోట ముందు నుంచీ అయిదు పట్టేవి, ఇప్పుడూ అయిదే.

అయితే ఈ ఒక్క అంకె మార్చి ఊరుకుంటే ఘోరమైన తప్పు జరిగేది. తలకు తగిలిన బుల్లెట్‌కు డ్యామేజీ రెట్టింపు, హెల్మెట్ కూడా 30 శాతం ఆపుతుంది. పాత లెక్కలో 72లో 50.4 దిగి, రెండు హెడ్‌షాట్లకు 100.8 అయ్యేది. 35 చేసి వదిలేస్తే 49 చొప్పున రెండింటికి 98. అంటే రెండు హెడ్‌షాట్లు కొట్టినవాడికి కూడా మూడోది కావాలి. గురి ఉన్నవాడిని శిక్షించడం మా ఉద్దేశం కానే కాదు. అందుకే తల గుణకాన్ని 2 నుంచి 2.1కి పెంచాం. ఇప్పుడు ఒక్కో హెడ్‌షాట్ 51.45, రెండుతో పని అయిపోతుంది.

ఇంకా ముఖ్యమైనది ఒక తల, మిగతావి ఛాతీ లెక్క. పాతదాంట్లో 50.4కు రెండు 25.2లు కలిపితే 100.8, మూడు బుల్లెట్లు. కొత్తదాంట్లో 51.45కు రెండు 24.5లు కలిపితే 100.45, మళ్లీ మూడే. ఒక్కటంటే ఒక్క బుల్లెట్ తలకు తగిలించగలిగితే మీ గరుడ నిన్నటి గరుడే. దెబ్బ తగిలింది ఛాతీ మీద వేలు పెట్టి, వదలకుండా స్ప్రే చేసి గెలిచే అలవాటుకు మాత్రమే.

ఆ అలవాటుకే ఎందుకంటే, పక్కనున్న భీమను చూడండి. దాని డ్యామేజీ 44, నిమిషానికి 600 బుల్లెట్లు. వెస్ట్ మీద 30.8 చొప్పున నాలుగు బుల్లెట్లు, మూడు విరామాలు, 0.30 సెకన్లు. రికాయిల్ గరుడ కంటే చాలా ఎక్కువ. అంటే నిన్నటి వరకు గరుడ చేతిలో సులభం, చంపడంలోనూ వేగం. భీమ ఎంచుకున్నవాడు కష్టపడి తుపాకీని అదుపులో పెట్టి, ఆ కష్టానికి ఫలితంగా 0.06 సెకన్లు వెనకబడేవాడు. ఇప్పుడు ఛాతీ స్ప్రేలో గరుడ 0.02 వెనక, తల తగిలితే ముందు. ఇది ఎంపిక అనిపించుకుంటుంది. నిన్నటిదాన్ని అలా అనలేం.

ఎంతమంది గరుడ వాడుతున్నారో చూసి కోశామని చాలామంది అనుకుంటున్నారు. అలా కోయకూడదు. చప్పుడు బాగుందని, స్కిన్ బాగుందని, మొదట చేతికొచ్చింది అదేనని కూడా జనం ఒక తుపాకీని పట్టుకుంటారు. చూడాల్సింది రెండు చోట్ల. ఒకే ఆటగాడు గరుడతో, భీమతో ఆడినప్పుడు అతని ముఖాముఖి పోరాటాల ఫలితం ఎంత మారుతోంది. చేతిలో భీమ ఉండి, నేల మీద గరుడ కనిపిస్తే ఏది వదిలేస్తున్నాడు. కొత్తవాళ్ల దగ్గరా ఆరితేరినవాళ్ల దగ్గరా రెండు ప్రశ్నలకూ గరుడే అన్న జవాబు వస్తే తుపాకీ అదుపు తప్పినట్టే. కొత్తవాళ్ల దగ్గర మాత్రమే వస్తే అది తేలికైన తుపాకీ, దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

రికాయిల్ పెంచితే సరిపోయేది కదా అన్న ప్రశ్నా వచ్చింది. గైరో వాడుతూ నాలుగు వేళ్లతో ఆడేవాడు కొత్త రికాయిల్‌ను వారంలో నేర్చేసుకుంటాడు. రెండు బొటనవేళ్లతో ఆడేవాడు నెలలు గడిచినా తంటాలు పడతాడు. అంటే బలవంతుడి చేతిలో బలం అలాగే ఉండి, బలహీనుడి చేతిలోంచి జారిపోతుంది. వేగం తగ్గించడమూ చూశాం. నాలుగు బుల్లెట్లకే 0.32 సెకన్లు పట్టాలంటే 750ని దాదాపు 560కి దించాలి. అప్పుడు వెస్ట్ లేనివాడి మీద, హెడ్‌షాట్ల మీద, దూరం మీద అన్నిచోట్లా కోత పడుతుంది, తుపాకీ చప్పుడే మారిపోతుంది. కొన్ని తుపాకులకు వేగమే సరైన మీట. హేలో 3 తయారీలో డిజైనర్ జైమీ గ్రీస్‌మర్ స్నైపర్ రైఫిల్ విరామాన్ని 0.5 నుంచి 0.7 సెకన్లకు మార్చి, ఆ ఒక్క మార్పు మీదే 2010 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ప్రసంగం చేశాడు. ఒక్కో తూటాకూ ఆగి గురిపెట్టే తుపాకీకి విరామమే ప్రాణం. గరుడ అలాంటిది కాదు.

గరుడను కోసే బదులు భీమను, మిగతావాటిని పెంచండి, ఎవరి ఇష్టమైనదీ పోదు అన్నది మీ వైపు నుంచి వచ్చిన బలమైన వాదన. వినడానికి న్యాయంగా ఉంది, స్కిన్‌కు డబ్బు పెట్టినవాడి బాధ కూడా అందులో ఉంది. కానీ అన్ని తుపాకులనూ 0.24కి తెస్తే ప్రతి ఎదురుకాల్పూ 0.24లో ముగుస్తుంది. కొట్టేవాడికి అది బాగానే ఉంటుంది. దెబ్బ తినేవాడి సంగతి ఎవరు చూడాలి?

నన్ను ఈ కోతకు ఒప్పించింది తినేవాడి లెక్కే. బెంగళూరు మారతహళ్లిలో ఫైబర్ మీద ఆడే కుర్రాడికి ముంబై సర్వర్ పింగ్ పాతిక ముప్ఫై మిల్లీసెకన్లు అనుకుందాం. పలాసలో మొబైల్ డేటా మీద ఆడే అతని తమ్ముడికి 80. సర్వర్ సెకనుకు 30 సార్లు లెక్క చూస్తుంది, ఒక్కో విడతకు 33 మిల్లీసెకన్లు. తమ్ముడికి మొదటి బుల్లెట్ తగిలిందన్న కబురు ఫోన్‌కు చేరడానికి, అతను గోడ చాటుకు జరిగాడన్న కబురు సర్వర్‌కు తిరిగి వెళ్లడానికి కలిపి 80. సర్వర్ విడత కోసం ఆగే సమయం గరిష్ఠంగా మరో 33. మొత్తం 113. పాత గరుడ ఇచ్చే 240లోంచి ఇవి తీసేస్తే మిగిలేవి 127 మిల్లీసెకన్లు. కంటితో చూసి వేలు కదపడానికి మనిషికి సుమారు 200 నుంచి 250 పడుతుంది. అంటే తమ్ముడు ఎంత చురుకైనవాడైనా పాత గరుడ ముందు చేయగలిగిందేమీ లేదు. 320లోంచి తీస్తే 207 మిగులుతాయి. చురుకైనవాడు బతికి బయటపడొచ్చు, తిరిగి కాల్చొచ్చు. “గోడ వెనక్కి వెళ్లాక చచ్చాను” అని మీరు పంపే వీడియోల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ తేడాయే. వాటిలో మోసం లేదు. కొట్టినవాడి తెరమీద మీరింకా బయటే ఉన్నారు.

ఇక్కడ మా వృత్తివాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. బెంగళూరు స్టూడియోల్లో తుపాకుల పరీక్ష ఆఫీసు ఫైబర్ మీద, 120 హెర్ట్జ్ ఫోన్ల మీద జరుగుతుంది. ఆ గదిలో 0.24 సెకన్ల తుపాకీ పసందుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ అందరూ కొట్టేవాళ్లే. ఆటలో సింహభాగం మాత్రం 60 హెర్ట్జ్ ఫోన్లు, ఊళ్లలో మొబైల్ డేటా. ఆఫీసు లైను పింగ్‌ను 80 దాకా తీసుకెళ్లడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు, లినక్స్ గేట్‌వే మీద ఒక్క వరుస చాలు:

```
tc qdisc add dev eth0 root netem delay 50ms 10ms loss 1%
```

ఇది 50 మిల్లీసెకన్ల ఆలస్యం, 10 అటూఇటూ ఊగిసలాట, నూటికి ఒక ప్యాకెట్ నష్టం కలుపుతుంది. ఇలా పెట్టి, పాత ఫోన్ చేతికిచ్చి, తినేవాడి వైపు కూర్చోబెట్టకుండా ఏ తుపాకీనీ విడుదల చేయకూడదని నా వాదన. తెలుగు ఊళ్ల నుంచి, కన్నడ ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ ఆటలు కట్టేవాళ్లం మన ఊరి సిగ్నల్‌ను మరిచిపోయి తుపాకులు తూకం వేయడం అన్యాయం.

అంకెలతో పాటు కారణమూ చెప్పడం ఎందుకంటే, 2013లో కాల్ ఆఫ్ డ్యూటీ బ్లాక్ ఆప్స్ 2 డిజైనర్ డేవిడ్ వాండర్‌హార్ డీఎస్ఆర్ 50 స్నైపర్ కాల్పు సమయం 0.2 నుంచి 0.4 సెకన్లకు మారిందని ట్విట్టర్‌లో ప్రకటించినప్పుడు చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. అలాంటి బెదిరింపులకు ఏ సాకూ లేదు. అయినా ట్విట్టర్ వరుసలో అంకె పడుతుంది, దాని వెనక లెక్క పట్టదు. ఆ లెక్క చెప్పాల్సిన బాధ్యత మాది.

నమ్మకం కుదరకపోతే శిక్షణ మైదానంలో వెస్ట్, హెల్మెట్ తొడిగిన బొమ్మను నిలబెట్టి కొట్టి చూడండి. ఒక తల, రెండు ఛాతీ కొడితే తెరమీద 51, 24, 24 కనిపిస్తాయి. కూడితే 99. అయినా బొమ్మ పడిపోతుంది. అది బగ్ కాదు. తెరమీద దశాంశాలు కత్తిరించి చూపిస్తాం, ప్రాణంలోంచి తీసేది మాత్రం పూర్తి 51.45, 24.5, 24.5. ఆ కత్తిరింపు ప్రాణం లెక్కలోకి జారితే ఒక హెడ్‌షాట్ కొట్టినవాడికి నాలుగో బుల్లెట్ అవసరమవుతుంది, మేము కాపాడతామన్నది పోతుంది. మూడింటికి బొమ్మ పడకపోతే ఆ వీడియో, ఫోన్ మోడల్, వెస్ట్ రకం రాసి పంపండి. ఆ రోజే సరిచేయాల్సిన తప్పది.