కబడ్డీ లైన్ ‘సీక్రెట్’: మైనస్ గుర్తులు చెరిపేసి వేసిన లెక్క

“కబడ్డీ హ్యాండిక్యాప్ సీక్రెట్. 1) ఎ టీమ్ సగటు తేడా ప్లస్ 4, బి టీమ్‌ది మైనస్ 3. కాబట్టి ఎ 7 పాయింట్లతో గెలుస్తుంది. 2) పాత మ్యాచుల్లో గెలుపు తేడాల స్ప్రెడ్ 6.3 మాత్రమే. 3) లైన్ మైనస్ 3.5, రేటు 1.90. మన లెక్కలో 71 శాతం ఛాన్స్. ఫ్రీ మనీ! 4) పాత సీజన్లన్నీ కలిపితే ఇంకా కరెక్ట్. 5) సొంతూరి మ్యాచ్ అయితే ఇంకో 3 కలుపుకోండి. పది మందికి పంపండి.”

ఈ వారంలో ఈ మెసేజ్ నాకు నలుగురు పంపారు. లైన్ మైనస్ 3.5 అంటే ఎ టీమ్ నాలుగు పాయింట్లు లేదా అంతకన్నా ఎక్కువ తేడాతో గెలిస్తేనే పందెం నెగ్గినట్టు; రేటు 1.90 అంటే నెగ్గితే పెట్టిన రూపాయికి మొత్తం 1.90 తిరిగొస్తుంది. అందులో ఇద్దరు నా దగ్గర స్టాటిస్టిక్స్ చదువుకున్నవాళ్లు. నాకు కోపం తెప్పించింది ఆ ఇద్దరే. మిగతా ఇద్దరికి ఫోన్ చేసి నెమ్మదిగానే చెప్పాను.

ఐదో పాయింట్ రెండు ముక్కల్లో తేల్చేస్తాను. ప్రో కబడ్డీ లీగ్ ఒక్కో ఊళ్లో కొన్నాళ్లు మకాం వేసి ఆడే టోర్నీ. ఒక జట్టు సొంతూళ్లో ఆడేది మహా అయితే కొన్ని మ్యాచులే. ఆ కొన్నింటిని పట్టుకుని ‘ఇంకో 3’ అని గట్టిగా చెప్పడానికి ఆధారం లేదు. వదిలేయండి.

మొదటి పాయింట్ దగ్గర మాత్రం ఒకటి ఒప్పుకోవాలి. ప్లస్ 4 లోంచి మైనస్ 3 తీసేసి 7 అనడం తప్పు కాదు. చాలామంది ఇక్కడ రెండు సగటుల మధ్య పాయింటు పట్టుకుంటారు, అదే తప్పు. లీగ్‌లో జట్లన్నీ దాదాపు ఒకే ప్రత్యర్థులతో ఆడతాయి కాబట్టి తీసివేతే సరైన పద్ధతి. మెసేజ్ రాసినాయనకు ఇది తెలుసు. ఇంత తెలిసినవాడు తర్వాతి అడుగులో అంత తప్పు ఎలా చేశాడో నాకు అర్థం కావడం లేదు.

ఆ తప్పు రెండో పాయింట్‌లో ఉంది. మొన్న తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే నా పాత స్టూడెంట్ ఒకడు కలిశాడు. “సార్, ఆ 6.3 నేను కూడా వేసి చూశాను, కరెక్ట్‌గానే వచ్చింది” అన్నాడు. ఎలా వచ్చిందో చూపించమన్నాను. జేబులోంచి జిరాక్స్ కాగితం తీసి దాని వెనక రాశాడు. వాడు లెక్క కోసం పెట్టుకున్న జట్టు ఎనిమిది మ్యాచుల తేడాలు ఇవి: 21, 3, 6, 5, 14, 8, 9, 2. సగటు 8.5; ఆ సగటు చుట్టూ అంకెలు ఎంత చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనం, అంటే మెసేజ్‌లోని స్ప్రెడ్, 6.3. కూడికలో తప్పు లేదు.

“ఇందులో ఓడినవి ఏవిరా?” అని అడిగాను. కాసేపు ఆలోచించి నాలుగింటి ముందు మైనస్ పెట్టాడు. అప్పుడు వరస ఇలా మారింది: ప్లస్ 21, మైనస్ 3, ప్లస్ 6, మైనస్ 5, ప్లస్ 14, మైనస్ 8, ప్లస్ 9, మైనస్ 2. మొత్తం 32, సగటు సరిగ్గా 4. ఇప్పుడు మళ్లీ విచలనం కట్టమన్నాను. 10.2 వచ్చింది. వాడు రెండుసార్లు సరిచూసుకున్నాడు.

ఎందుకింత తేడా? ఎనిమిది పాయింట్లతో గెలవడానికీ ఎనిమిది పాయింట్లతో ఓడడానికీ మధ్య కోర్టులో పదహారు పాయింట్ల దూరం ఉంది. ‘గెలుపు తేడా’ అని రాసుకునేసరికి ఆ రెండూ ఒకే అంకె అయిపోతాయి. ఎవరో ఒకరు గెలుస్తారు కాబట్టి పేపర్లో ప్రతి మ్యాచుకూ ఒక ప్లస్ అంకే కనిపిస్తుంది. సున్నాకి అటువైపున్న సగం ప్రపంచాన్ని మడతపెట్టి ఇటువైపు వేసి, ఆ తర్వాత ఎంత చెదురుగా ఉందో కొలిచారు. తక్కువ రాక ఏమవుతుంది? రెండు జట్లూ సమానంగా ఉన్నప్పుడు ఇలా మడతపెట్టిన అంకెల విచలనం అసలు విచలనంలో దాదాపు 60 శాతమే ఉంటుంది. నార్మల్ వక్రం చదువుకున్నవాళ్లు ఎవరైనా కాగితం మీద తేల్చుకోవచ్చు. మా వాడి కాగితం మీద కూడా 6.3ని 10.2తో భాగిస్తే 0.62 వచ్చింది.

మీ దగ్గర గెలుపు తేడాలు తప్ప ఇంకేమీ లేవనుకుందాం. అప్పుడు వాటి సగటు చుట్టూ విచలనం కట్టకండి. ఒక్కో తేడానూ వర్గం చేసి, ఆ వర్గాల సగటు తీసి, వర్గమూలం కట్టండి. పై ఎనిమిదింటికీ వర్గాల మొత్తం 856, సగటు 107, వర్గమూలం 10.3. మైనస్‌లు తెలియకపోయినా అసలు అంకెకి ఆనుకునే వచ్చింది. జట్ల మధ్య బలం తేడా మరీ ఎక్కువ లేనంతవరకూ ఈ దారి పనిచేస్తుంది.

ఇక మూడో పాయింట్, ఆ 71 శాతం. సగటు 7, లైన్ 3.5, మధ్యలో 3.5 పాయింట్ల ఎడం. దాన్ని 6.3తో భాగిస్తే 0.56, నార్మల్ టేబుల్లో 71 శాతం. అదే ఎడాన్ని 10.2తో భాగిస్తే 0.34, అంటే 63 శాతం. కేవలం మైనస్ గుర్తులు తిరిగి పెట్టినందుకే ఎనిమిది శాతం పోయింది.

“63 అయినా లాభమే కదా సార్, 1.90 రేటుకి 52.6 దాటితే చాలు” అన్నాడు మావాడు. ఆ మాట నిజమే. కానీ అది 7 అనే అంకె నిజమైతేనే. ఎనిమిది మ్యాచుల సగటులో అదృష్టం వాటా ఎంతో ముందు చూడాలి. ఒక్క మ్యాచ్ విస్తృతి, అంటే ఆ 10.2 వర్గం, 104. ఎనిమిదితో భాగిస్తే 13, దాని వర్గమూలం 3.6. అంటే ఆ ప్లస్ 4 మూడున్నర పాయింట్లు అటూ ఇటూ ఊగడం మామూలే. ఆ ప్లస్ 21 మ్యాచ్ ఒక్కటి పక్కన పెట్టి చూడండి, సగటు 4 నుంచి 1.6కి పడిపోతుంది. కబడ్డీలో ఇలాంటి మ్యాచులు రావడం వింత కాదు. ఒకసారి ఆలౌట్ అయితే అవతలివాళ్లకి రెండు పాయింట్లు అదనం. ఇద్దరు ముగ్గురే మిగిలిన జట్టు మళ్లీ మళ్లీ చిక్కుతుంది. రెండు మూడు ఆలౌట్లు పడితే సమవుజ్జీల మధ్య కూడా ఇరవై తేడా వచ్చేస్తుంది. అది బలం ఎంతో చెప్పదు, ఆ రోజు ఎలా జారిందో చెబుతుంది.

అందుకే సగటుని కుదించాలి. లీగ్ పట్టికలో 12 జట్ల సగటు తేడాలూ తీసుకుని వాటి విస్తృతి కట్టండి. మా లెక్క కోసం అది 23 అనుకున్నాం. ఇందులో 13 అదృష్టానిది, మిగిలిన 10 జట్ల అసలు బలానిది. 10ని 23తో భాగిస్తే 0.43. కనిపిస్తున్న 7లో నమ్మదగ్గది 0.43 వంతు, అంటే 3 పాయింట్లు. ఇప్పుడు 3 లోంచి 3.5 తీసేస్తే ఎడం మైనస్ అర పాయింటు. 10.2తో భాగించి టేబుల్ చూస్తే 48 శాతం.

71 కాస్తా 63, చివరికి 48. ఆ 48 శాతానికి న్యాయమైన రేటు 2.08. వాళ్లు ఇస్తున్నది 1.90. ఫ్రీ మనీ ఎటువైపు వెళ్తోందో ఇప్పుడు చెప్పండి. లైన్ పెట్టేవాళ్లు మూడున్నర దగ్గర ఎందుకు పెట్టారో ఈ కుదింపు లెక్కే చెబుతోంది. వాళ్లకి 7 కనపడక కాదు.

నాలుగో పాయింట్ అజాగ్రత్తతో రాసింది. పాత సీజన్లలో 7 లేదా అంతకన్నా తక్కువ తేడాతో ఓడిన జట్టుకి పట్టికలో ఒక పాయింట్ దక్కేది. ఎనిమిది వెనకబడిన జట్టు చివరి నిమిషంలో ఆ ఒక్క పాయింట్ కోసం ప్రాణం పెట్టి ఆడేది. 2025 సీజన్‌లో గెలుపుకి 2, ఓటమికి సున్నా అన్నారు. ఏడు చుట్టూ ఉన్న ఆ పోరాటానికి కారణమే పోయింది. రూలు మారితే తేడాల ఆకారం మారుతుంది. రెండు రకాల ఆటల్ని ఒకే డబ్బాలో పోసి ‘ఇంకా కరెక్ట్’ అనడం ఏం న్యాయం? పైగా ఏటా వేలంలో ఆటగాళ్లు అటూ ఇటూ మారిపోతుంటే, ఐదేళ్ల కిందటి జెర్సీ రంగు చూసి బలం చెప్తారా?

ఇంకో సంగతి. నార్మల్ టేబుల్ కూడా చివరి నిమిషాన్ని చూడదు. ఐదు పాయింట్లు ముందున్న జట్టు రైడర్ కూతకెళ్తాడు, బాక్ లైన్ దాటి ముప్ఫై సెకన్లు కాలక్షేపం చేసి వెనక్కి వస్తాడు. అవతలివాడు బోనస్ గీత దాటి ఒకటి పట్టుకుపోతాడు. తర్వాత డూ ఆర్ డై రైడ్‌లో మనవాడు తెగించకుండానే చిక్కుతాడు, ఇంకొకటి పోయింది. విజిల్ పడింది, తేడా మూడు. జట్టు గంతులేస్తోంది. మైనస్ 3.5 పట్టుకున్నవాడు ఓడిపోయాడు. గెలవడానికి మూడు చాలు కాబట్టి నాలుగో పాయింట్ కోసం ఆ జట్టు ఎందుకు రిస్క్ చేస్తుంది? లైన్ గురించి వాళ్లకేం పట్టింది?

సరిగ్గా ఇలాంటి మూడు పాయింట్ల మ్యాచ్ మీద నా ఇంకో స్టూడెంట్ 12 వేలు పోగొట్టుకున్నాడు. చిత్తూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లవాడు. అది ఫీజు డబ్బు. వాళ్ల నాన్నకి ఏం చెప్పాలో తెలీక నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. “71 శాతం అన్నారు కదా సార్” అని ఒకే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 సవరణతో ఆన్‌లైన్ బెట్టింగ్ కూడా నేరమే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025లో కేంద్రమూ చట్టం చేసింది. ఆ యాప్ మీద ఫిర్యాదు చేద్దామన్నా వాడు ముందు తన తప్పు చెప్పుకోవాలి. పది మందికి పంపమన్నవాళ్లు ఇది ఆలోచించారా?

ఇంత చెప్పినా ఆ మెసేజ్ మీదే నమ్మకం ఉన్నవాళ్లు ఒక నోట్‌బుక్ తీసుకోండి. రూపాయి పెట్టకుండా, మ్యాచ్ మొదలవ్వకముందే, ఆ పద్ధతి 71 శాతం దగ్గర్లో చూపించిన లైన్లు మాత్రమే తేదీ వేసి రాసుకోండి. అలాంటివి 50 అయ్యేదాకా ఆగండి. మెసేజ్ నిజమైతే 35 దాకా నెగ్గాలి. నా లెక్క నిజమైతే 24, 25 దగ్గర ఆగుతాయి. మా టీ కొట్టు స్టూడెంట్ ఇప్పటికి పంతొమ్మిది రాశాడు. యాభై పూర్తయ్యాక ఆ పేజీ ఫోటో తీసి, మెసేజ్ ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గ్రూపులోనే పెట్టమన్నాను.